గృహప్రవేశానికి ఇల్లు అందదని ఓనర్‌కి ఎలా చెప్పాలి?

సైట్‌బాబు · సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. కరీంనగర్ దగ్గర చిన్నగా ఇళ్ల కాంట్రాక్టులు చేస్తుంటాను. డిప్లొమా అయ్యాక ఆరేళ్లు ఒకరి దగ్గర సైట్ ఇంజనీర్‌గా చేసి, మూడేళ్ల కింద సొంతంగా మొదలుపెట్టాను.

ఇప్పుడు చేస్తున్నది జీ ప్లస్ వన్ ఇల్లు. ఓనర్ రిటైర్డ్ టీచర్. శ్రావణంలో శుద్ధ దశమికి ముహూర్తం పెట్టుకున్నారు, ఇంకా 34 రోజులుంది. కింది అంతస్తు గిలాబు అయిపోయి 50 రోజులైంది, టైల్స్ కూడా వేశాం. పైఅంతస్తు గిలాబు మాత్రం నిన్ననే పూర్తయింది. అది 18 రోజుల ముందే అయిపోవాల్సింది. పైన గోడలు ఆరాలి, లప్పం పెట్టాలి, రంగులు వేయాలి. ఎంత లెక్కేసినా నాకు 50 రోజులు వస్తోంది. అంటే 16 రోజులు లేటు.

సార్ రోజూ సాయంత్రం సైటుకి వస్తారు. రెండు వారాల కింద "అవుతుందా బాబూ" అని అడిగితే "అయిపోయినట్టే సార్" అన్నాను. ఇప్పుడు ఏ మొహంతో చెప్పాలో అర్థం కావట్లేదు. వాళ్లమ్మాయి డాలస్ నుంచి వస్తోంది, టికెట్లు కొన్నారు. వాట్సాప్‌లో రాసేద్దామా అనుకున్నాను, రెండుసార్లు టైప్ చేసి తీసేశాను. నోటితో చెప్పాలంటే ఎలా మొదలుపెట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రూల్‌బుక్ · సోమవారం రాత్రి 11:05

రెరా చట్టం ప్రకారం ఆలస్యానికి కొనుగోలుదారుకి వడ్డీ కట్టాలి. మీ అగ్రిమెంటులో తేదీ ఏముందో చూసుకోండి. నోటితో ఏమీ ఒప్పుకోవద్దు, రేపు అదే మీ మీద సాక్ష్యం అవుతుంది.

పాత మట్టం · సోమవారం రాత్రి 11:30

రూల్‌బుక్ గారూ, ఇది అపార్ట్‌మెంటు అమ్మకం కాదండీ. ఆయన స్థలంలో ఆయన కట్టించుకుంటున్న ఇల్లు. 500 చదరపు మీటర్లలోపు స్థలమో, ఎనిమిది ఫ్లాట్లలోపు కట్టడమో అయితే అమ్మకానికి కట్టినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తమ్ముడు అడిగింది చట్టం గురించి కాదు, ఆ ఇంటి హాల్లో కూర్చుని ఏం మాట్లాడాలో అడిగాడు.

తమ్ముడూ, నేను గుంటూరు వైపు 24 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ముందు నీ లెక్క ఒకటి సరిచేసుకో. నువ్వు 16 రోజులు లేటు అంటున్నావు. అది నీ లెక్క. ఆ టీచరు గారి లెక్కలో ఎంత లేటో చూశావా? శ్రావణ శుద్ధ దశమి దాటి 16 రోజులంటే బహుళ ఏకాదశి దగ్గరికి వస్తుంది. ఆ తర్వాత భాద్రపదం, ముహూర్తాలు పెట్టరు. ఆశ్వయుజంలో విజయదశమికి కొందరు చేస్తారు, కొందరు చేయరు. పంతులు గారు ఒప్పుకోకపోతే కార్తీకమే. నీ 16 రోజులు వాళ్లకి రెండు నెలలు, లేదంటే మూడు నెలలు. నువ్వు వెళ్లి "పదహారు రోజులే సార్" అన్నావనుకో, ఆ "ఏ" అనే ఒక్క అక్షరం దగ్గరే ఆయనకి కోపం వస్తుంది. వస్తే తప్పు ఆయనది కాదు.

ఇంకొకటి అడుగుతాను, నిజం చెప్పు. 18 రోజులు ఎలా పోయాయి?

కొసరు · మంగళవారం ఉదయం 7:15

బ్రో, టెన్షన్ పడకు. వానాకాలం కదా, వానల మీద పెట్టేయ్. ఎవరూ కాదనలేరు. డేట్ అడిగితే 50 కాదు, 75 చెప్పు. 50కి ఇచ్చేస్తే నువ్వే హీరో. నేను ఇంటీరియర్స్ చేస్తాను, ఎప్పుడూ ఇదే ఫార్ములా.

సైట్‌బాబు · మంగళవారం ఉదయం 8:20

మట్టం అన్నా, నిజమే చెప్తాను. వాన వల్ల పోయింది ఆరు రోజులే. పన్నెండు రోజులు నా సుతారులను ఇంకో సైటుకి పంపాను. అక్కడ స్లాబ్ బిల్లు రావాలంటే ఆ గోడలు లేవాలి. డబ్బు టైట్‌గా ఉండి అలా చేశాను. మధ్యలో కవర్ చేద్దాం అనుకున్నాను, వానలు మొదలయ్యాయి. ఓనర్‌కి ఈ సంగతి తెలియదు.

లక్ష్మీనివాసం · మంగళవారం ఉదయం 9:50

తెలియదనుకుంటున్నారు. మీ సార్ రోజూ సాయంత్రం వస్తారని మీరే రాశారు. పన్నెండు రోజులు సైటులో తాపీ చప్పుడు లేకపోతే ఆయనకు తెలియదా? వాచ్‌మన్‌ని అడిగి ఉండరా?

నేను అవతలి వైపు మనిషిని. నాలుగేళ్ల కింద మా ఇల్లు కట్టించాం, రాజమండ్రిలో. మా కాంట్రాక్టరు ప్రతిసారీ "రేపు వచ్చేస్తారమ్మా, ఎల్లుండికి అయిపోతుందమ్మా" అనేవాడు. వాన అన్నాడు, ఇసుక అన్నాడు, మేస్త్రీ అత్తగారు పోయారన్నాడు. ఆ మేస్త్రీనే మా వీధి చివర ఇంకో ఇంట్లో పని చేస్తుంటే నేను కూరగాయలకి వెళ్తూ చూశాను. ఆ రోజు తర్వాత అతను నిజం చెప్పినా నేను నమ్మలేదు. సిమెంటు రేటు పెరిగిందన్నాడు, అది నిజమే, అయినా నమ్మక షాపుకెళ్లి కనుక్కున్నాను. ఇల్లు ఆలస్యమైనందుకు కాదు, నన్ను వెర్రిదాన్ని చేశాడని ఇప్పటికీ మండుతుంది.

నైట్‌షిఫ్ట్ · మంగళవారం మధ్యాహ్నం 1:10

నేను సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్ట్ మేనేజర్‌ని, హైదరాబాద్. మాకూ ఇదే కథ, కాకపోతే ఇల్లుకి బదులు రిలీజ్. ప్రతి శుక్రవారం స్టేటస్ షీట్‌లో పచ్చ, పసుపు, ఎరుపు పెట్టాలి. ఏడు వారాలు పచ్చ పెట్టి, ఎనిమిదో వారం ఒకేసారి ఎరుపు పెట్టాను. క్లయింటు ఆవిడ కాల్‌లో అడిగింది ఒక్కటే ప్రశ్న: "పసుపు ఏ వారం వచ్చి ఉండాలి?" నా దగ్గర జవాబు లేదు. మూడు వారాల ముందే నాకు తెలుసు మరి.

అప్పటి నుంచి మా టీమ్‌లో ఒక అలవాటు పెట్టుకున్నాం. డేట్ మారుతుందని అనుమానం వచ్చిన రోజే ఫోన్ చేస్తాం. "ఇంకా ఖాయం కాదు, గురువారానికి తేలుతుంది, గురువారం మళ్లీ చేస్తాను" అని చెప్తాం. గురువారం ఏమీ తేలకపోయినా ఫోన్ చేస్తాం. మీ కేసులో ఆ దశ దాటిపోయింది, ఇప్పుడు నేరుగా ఎరుపే. అయినా ఈ రోజు చెప్తే 33 రోజులు వాళ్ల చేతిలో ఉంటాయి. వారం ఆగితే 26.

జూమ్‌లో పెట్టి ప్లాన్ షీట్ చూపించండి, అది బాగా పనిచేస్తుంది.

పాత మట్టం · మంగళవారం మధ్యాహ్నం 2:40

జూమ్ మీ వాళ్లకి బాబూ. కిలోమీటరు దూరంలో ఉన్న మాస్టారికి జూమ్ పెడితే తరిమి కొడతారు.

కొసరు చెప్పిన 75 గురించి ఒక మాట. మనకి తేదీ అంటే తేదీ. వాళ్లు ఆ తేదీ పట్టుకుని పంతులు దగ్గరికి వెళ్తారు, అద్దె ఇంటి ఓనర్‌కి చెప్తారు, అమ్మాయి టికెట్ మార్చుకుంటుంది. నువ్వు 75 చెప్పి 50కి తాళాలిస్తే ఆ 25 రోజులు వాళ్ల చేతుల్లోంచి నువ్వు లాగేసుకున్నట్టే. "ముందే చెప్పి ఉంటే టికెట్ మార్చకపోయేవాళ్లం కదా" అంటారు. హీరో అవ్వవు. చేతిలో కాస్త రోజులు పెట్టుకోవడం తప్పు కాదు, నేనూ పెట్టుకుంటాను. ఎన్ని పెట్టావో, దేనికి పెట్టావో వాళ్లతో అను. "48 నా లెక్క, రెండు వానకి" అంటే అది అబద్ధం కాదు.

ఇప్పుడు చెప్పే పద్ధతి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉన్నప్పుడు వెళ్లు. సారుకి ఒక్కడికే చెప్తే, ఆయన లోపలికెళ్లి నీ తరఫున వాళ్లావిడకి చెప్పుకోవాలి. ఆ భారం ఆయన మీద వేయకు. సైటులో చెప్పకు, కూలీలు వింటారు, ఆయన మనసారా కోప్పడలేరు. కాఫీ వచ్చేదాకా ఆగకు. అసలు మాట మొదటి నిమిషంలో అయిపోవాలి.

ఈ రాత్రి ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, గదిలో ఒక్కడివే కూర్చుని, వాళ్లకి చెప్తున్నట్టే పైకి చెప్పు. తర్వాత విను. అసలు మాట ఎన్నో నిమిషానికి వచ్చిందో చూసి రాయి.

సైట్‌బాబు · మంగళవారం రాత్రి 11:20

అన్నా, విన్నాను. సిగ్గుగా ఉంది. 2 నిమిషాల 10 సెకన్లకి గానీ "లేటు" అనే మాట రాలేదు. దానికి ముందు వానలు, కూలీల కొరత, నా బిల్లులు, "మీకు తెలియనిది ఏముంది సార్" అని మూడుసార్లు. లేటు అన్నాక కూడా "కొద్దిగా" అన్నాను. ఎన్ని రోజులో చెప్పనే లేదు!

పాత మట్టం · మంగళవారం రాత్రి 11:45

అందరికీ అంతే. నేను మొదటిసారి రికార్డు చేసుకున్నప్పుడు అసలు మాటే రాలేదు, మొత్తం నా కష్టాలే.

ఇలా పెట్టుకో, మాటలు నీవి చేసుకో:

"సార్, మేడం, మీకు నచ్చని మాట చెప్పడానికి వచ్చాను. ముహూర్తం రోజుకి పైఅంతస్తు తయారవ్వదు. 16 రోజులు ఎక్కువ పడుతుంది. ఆ 16 రోజుల వల్ల మీ ముహూర్తం, అమ్మాయి గారి రాక అన్నీ చెదురుతాయని నాకు తెలుసు."

అక్కడ ఆగు. నోరు మూసుకో. ఇదే అన్నిటికంటే కష్టం. వాళ్లు మాట్లాడకపోయినా నువ్వు నింపకు. ఫ్యాను చప్పుడు విను. మనం ఆ నిశ్శబ్దానికి భయపడి "కానీ ఏం పర్వాలేదు సార్" అంటాం. పర్వాలేదో లేదో చెప్పాల్సింది వాళ్లు.

వాళ్లు "ఎందుకు" అంటారు. అప్పుడు లెక్క చెప్పు, నీ తప్పు ముందు పెట్టి. "పన్నెండు రోజులు నావల్ల పోయాయి, మీ సుతారులను ఇంకో సైటుకి పంపాను. ఆరు రోజులు వాన. రెండు వారాల కింద మీరు అడిగినప్పుడు నాకు అనుమానం ఉండి కూడా అయిపోతుందన్నాను, అది తప్పు." వానను ముందు చెప్పి తర్వాత నీ పన్నెండు చెప్తే, ఎవరో గుంజితే బయటపడ్డట్టు ఉంటుంది. వరస మారితే మాటే మారిపోతుంది.

"అర్థం చేసుకోండి" అనకు. అది అడుక్కోవడం. "మీ స్థానంలో నేనున్నా ఇలాగే బాధపడేవాణ్ని" అని కూడా అనకు, నువ్వు ఆ స్థానంలో లేవు. మేడం ఏది తలచుకుని బాధపడితే ఆ మాటే తిరిగి అను. అమ్మాయి గురించి అంటే అమ్మాయి గురించే మాట్లాడు, గోడల గురించి కాదు.

కొసరు · బుధవారం ఉదయం 7:40

నాకు ఇంకా నచ్చలేదు. పన్నెండు రోజులు మీ తప్పు అని నోటితో ఒప్పుకున్నాక ఆయన ఫైనల్ బిల్లులో కోత పెడితే? ఉత్త నిజాయితీకి మార్కెట్‌లో రేటు లేదు బ్రో.

పాత మట్టం · బుధవారం ఉదయం 8:05

పెట్టొచ్చు. నాకు ఒకసారి పెట్టారు, 40 వేలు. ఆ మాట కాదనను.

రంగులడబ్బా · బుధవారం ఉదయం 10:30

నేను పెయింటింగ్ కాంట్రాక్టరుని. మాటల సంగతి నాకు తెలియదు, 50 రోజుల లెక్క గురించి అడుగుతాను. అది ఎలా వేశారు? ఎందుకంటే సారు "ఎక్కువ మందిని పెట్టు, పదిహేను రోజుల్లో రంగులు కొట్టేయ్" అంటారు. అందరూ అంటారు. దానికి జవాబు లేకపోతే మీరు ఒప్పుకుని వచ్చేస్తారు, తిట్లు నేను తింటాను.

సైట్‌బాబు · బుధవారం మధ్యాహ్నం 12:15

ఏడు రోజులు గోడలకి నీళ్లు కొట్టాలి. తర్వాత నాలుగు వారాలు ఆరాలి. అక్కడికి 35. లప్పం రెండు కోట్లు, రుద్దడం కలిపి ఐదు రోజులు, ప్రైమర్ ఒకటి, రంగు రెండు కోట్లు నాలుగు. 45. స్విచ్ ప్లేట్లు, బాత్రూమ్ ఫిట్టింగులు, కడగడం మూడు. 48. రెండు రోజులు చేతిలో.

రంగులడబ్బా · బుధవారం మధ్యాహ్నం 1:00

బాగుంది. నాలుగు వారాలు అనేది ఎండాకాలం మాట అని నా అభిప్రాయం, ఆషాఢం వానల్లో ఇంకో వారం కూడా పట్టొచ్చు. గాలి ఆడితే మాత్రం సరిపోవచ్చు. కిటికీలు పగలంతా తీసి ఉంచండి, రెండు పెడెస్టల్ ఫ్యాన్లు పెట్టండి. హాలోజన్ లైట్లు పెట్టి కాల్చకండి, పైన ఆరి లోపల తడి ఉండిపోతుంది, బీటలు కూడా వస్తాయి.

జనాన్ని పెంచితే గోడ తొందరగా ఆరదు, ఇదొక్కటే సారుకి చెప్పాల్సింది. తడి గోడ మీద లప్పం పెడితే నెల తిరక్కుండా పొక్కులు, తెల్లగా ఉప్పు పూత. తర్వాత గీకి మళ్లీ చేయాలి.

ఒక పని చేయండి. అడుగు చదరం పాలిథీన్ కవరు తీసుకుని గోడకి నాలుగు పక్కలా టేపు అంటించి, ఒక రోజు వదిలేయండి. లోపల చెమ్మ పట్టిందంటే గోడ ఇంకా తడే. దీన్ని సారుతోనే అంటించండి. ఆయన రోజూ వస్తారు కదా, ఆయనే చూసుకుంటారు.

పాత మట్టం · బుధవారం మధ్యాహ్నం 1:25

డబ్బా అన్న మంచి మాట చెప్పాడు. తేదీ ఒక్కటే ఇస్తే మళ్లీ నీ నోటి మాటే అవుతుంది. ఆ కవరు ఇస్తే ఆయన కళ్లతో చూసేది ఇచ్చినట్టు. "30వ రోజు కవరు అంటిద్దాం సార్. పొడిగా ఉంటే 50 ఖాయం. చెమ్మ ఉంటే ఆ రోజే కొత్త తేదీ చెప్తాను, మీరు అడగక ముందే." ఇలా అను.

ఇంకో ముఖ్యమైనది. కింది అంతస్తు 50 రోజుల కిందటి గిలాబు కదా? అది ముహూర్తానికి రంగులతో సహా తయారవుతుందా? అవుతుందంటే వాళ్లకి దారి ఉంది. దర్వాజాలు, కప్పు, పూజగది, వంటిల్లు ఉంటే కింద పాలు పొంగించుకోవచ్చు. అయితే అది నువ్వు ముందే తీసి పెట్టకు. చెడ్డ మాట వెంటనే ఓదార్పు పెడితే, అదేదో నీకు సుఖమైన దారి చూపిస్తున్నట్టు ఉంటుంది. వాళ్లు "ఇప్పుడేం చేద్దాం" అని అడిగేదాకా ఆగు.

లక్ష్మీనివాసం · బుధవారం మధ్యాహ్నం 3:10

ఇక్కడ నేను ఒప్పుకోను. నాకైతే కింది అంతస్తు అవుతుందన్న మాట అదే నిమిషంలో వినాలని ఉంటుంది. లేకపోతే ఆ రాత్రంతా ఇల్లే లేదనుకుని ఏడుస్తాం. "పైన అవ్వదు, కింద అవుతుంది" ఒకే ఊపిరిలో చెప్పొచ్చు. పాలు పొంగించడం గురించి మాత్రం మీరు మాట్లాడకండి. అది మా ఇంటి విషయం, పంతులు గారి విషయం.

నైట్‌షిఫ్ట్ · బుధవారం మధ్యాహ్నం 3:40

ఈ తేడా గమనించదగ్గది. ఏది తయారవుతుందో చెప్పడం సమాచారం. దాంతో వాళ్లు ఏం చేసుకోవాలో చెప్పడం సలహా. మొదటిది ముందే, రెండోది అడిగితేనే. మా దగ్గరా క్లయింట్ కాల్‌లో మేము తప్పు చేసేది రెండోదాంట్లోనే.

పాత మట్టం · బుధవారం మధ్యాహ్నం 3:55

సరే, ఆవిడ మాటే రైటు. మొదటి వాక్యం మార్చుకో తమ్ముడూ: "ముహూర్తానికి కింది ఇల్లు అవుతుంది, పైఅంతస్తు అవ్వదు." అయితే కింద అవుతుందని పెయింటరుతో రోజులు లెక్కేసుకునే అను. ఈ మాట కూడా పోతే ఇక నువ్వు ఆ గడప తొక్కలేవు.

సైట్‌బాబు · గురువారం రాత్రి 9:50

వెళ్లొచ్చాను. రాసేటప్పుడు కూడా చేతులు వణుకుతున్నాయి.

మధ్యాహ్నం పెయింటరుతో కూర్చుని కింది అంతస్తు లెక్క తేల్చుకున్నాను. లప్పం ఒక కోటు ఇప్పటికే ఉంది, నలుగురితో 12 రోజులు. ముహూర్తానికి పదిహేను రోజుల ముందే అవుతుంది. తర్వాత సాయంత్రం ఆరున్నరకి వాళ్ల అద్దె ఇంటికి వెళ్లాను. మేడం బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. "కూర్చో బాబూ, టీ పెడతాను" అంటే "టీ తర్వాత మేడం, ముందు ఒక మాట" అన్నాను. మట్టం అన్న చెప్పినట్టే. మొదటి వాక్యం ఇరవై సెకన్లలో అయిపోయింది.

తర్వాత ఆగాను. సార్ ఏమీ అనలేదు. మేడం చేటలో చెయ్యి అలాగే ఉంచి గోడ మీద క్యాలెండర్ వైపు చూశారు. ముహూర్తం తేదీ చుట్టూ పసుపు రాసి ఉంది. ఎంతసేపో తెలియదు కానీ నాకు గంటలా అనిపించింది. చివరికి సార్ "ఎందుకు?" అన్నారు. పన్నెండు ముందు చెప్పాను. ఆయన తల ఊపి, "తెలుసు. వాచ్‌మన్ చెప్పాడు. నువ్వు చెప్తావా లేదా అని చూస్తున్నాను" అన్నారు.

లక్ష్మీనివాసం మేడం, మీరు రాసింది చదివి ఉండకపోతే నేను వాన పేరే చెప్పేవాణ్ని.

ఒక చోట జారాను. మేడం కళ్లు తుడుచుకుంటుంటే తట్టుకోలేక "కింద పాలు పొంగించుకోవచ్చు కదా మేడం" అనేశాను. ఆవిడ ఒక్కసారి లేచారు. "నా బిడ్డ మూడేళ్ల తర్వాత వస్తోంది. పైన అది పడుకోవాలని కట్టించిన గది. రంగుల్లేని గది చూపించి పాలు పొంగించమంటావా?" అని లోపలికి వెళ్లిపోయారు. ఏమీ అనలేకపోయాను. "పొరపాటయింది సార్, అది నేను చెప్పాల్సింది కాదు" అన్నాను.

సార్ మాత్రం నేను భయపడ్డ ప్రశ్నే అడిగారు: "ఈ 50 ఎందుకు నమ్మాలి?" కాగితం మీద రోజులు రాసి చూపించాను. జనాన్ని పెంచమన్నారు, గోడ ఆరడానికి జనం అక్కరకు రారని చెప్పాను. కవరు సంగతి చెప్తే అది ఆయనకి బాగా నచ్చింది, సైన్సు టీచరు మరి. "30 దాకా ఎందుకు, ఇప్పుడొకటి, అప్పుడొకటి అంటిద్దాం, తేడా కనిపిస్తుంది" అన్నారు. ప్రతి ఆదివారం సాయంత్రం ఏడింటికి నేనే వచ్చి ఏది అయిందో ఏది కాలేదో చెప్తానన్నాను. టీ ఇవ్వలేదు, వచ్చేశాను.

పాత మట్టం · గురువారం రాత్రి 10:15

టీ ఇచ్చి తీరాలని నీకేం హక్కు లేదులే. బాగా చేశావు. జారింది కూడా అక్కడికక్కడే సర్దుకున్నావు.

సైట్‌బాబు · శుక్రవారం రాత్రి 8:30

ఈ ఉదయం సార్ ఫోన్ చేశారు. రాత్రి పంతులు గారితో మాట్లాడారట. కింద ముహూర్తానికే చేసుకుంటామన్నారు. ఇప్పుడు వాళ్లే అడిగారు కాబట్టి నేను ఒకటి చెప్పాను: వాళ్లు దిగాక ఇంకో 16 రోజులు పైన పని నడుస్తుంది, లప్పం రుద్దిన దుమ్ము మెట్ల మీదకి వస్తుంది, పొద్దున ఎనిమిది నుంచి చప్పుడు ఉంటుంది. మెట్లు బయటి వైపు ఉన్నాయి, పట్టా కడతాను, అయినా దుమ్ము పూర్తిగా ఆగదు అన్నాను. "అదీ ముందే చెప్పావు, సరే" అన్నారు.

ఇప్పుడు కొత్త చిక్కు. చుట్టాలకి, అమ్మాయి కుటుంబానికి కింది ఇల్లు చాలదు కాబట్టి అద్దె ఇల్లు ఇంకో నెల ఉంచుకుంటారట. అద్దె 11,000. మేడం లైన్‌లోకి వచ్చి "ఆ నెల అద్దె ఎవరిది?" అని అడిగారు. ఆదివారం చెప్తానన్నాను. ఏమనాలి?

కొసరు · శుక్రవారం రాత్రి 8:50

చూశారా, నేను అన్నదే. ఒప్పుకోకు. ఇవాళ అద్దె, రేపు టికెట్ డబ్బులు.

నైట్‌షిఫ్ట్ · శుక్రవారం రాత్రి 9:20

మా కాంట్రాక్టుల్లో ఇలాంటిది ముందే రాసుకుంటాం, వీళ్లకి అది లేదు. నేనైతే డబ్బు కాకుండా ఏదైనా అదనపు పని ఇస్తాను. కాంపౌండ్ గేటుకి రంగులాంటిది.

లక్ష్మీనివాసం · శుక్రవారం రాత్రి 9:45

గేటు రంగు వద్దు. ఆవిడ అడిగింది అద్దె. అడిగినదానికి అవునో కాదో చెప్పండి, వేరేది చేతిలో పెట్టకండి.

పాత మట్టం · శుక్రవారం రాత్రి 10:30

నేనైతే లెక్క ప్రకారం పోతాను. 18లో 12 నావి కదా, అంటే మూడింట రెండు వంతులు. 11,000లో 7,300 చిల్లర. "నా పన్నెండు రోజుల వంతు నేను పెట్టుకుంటాను మేడం, వాన వంతు పెట్టుకోలేను" అంటాను. మొత్తం ఇచ్చేసేవాళ్లూ ఉన్నారు. ఇది సరైనదని గట్టిగా చెప్పలేను. మేడం మనసులో ఉన్నది అద్దే కాకపోవచ్చు కూడా.

రంగులడబ్బా · శనివారం ఉదయం 6:55

అద్దె సంగతి మీరు తేల్చుకోండి. పైన కవరు అంటించారా? ఉత్తరం గోడకి అంటించండి, ఎండ తగలని గోడ. తేదీ మార్కర్‌తో కవరు మీదే రాయండి, ఆదివారం దాన్నే చూపించొచ్చు.

సైట్‌బాబు · శనివారం ఉదయం 7:30

నిన్న సాయంత్రం సారే అంటించారు అన్నా, ఉత్తరం గోడకే. ఇందాక వెళ్లి చూస్తే లోపల నీళ్ల చుక్కలు. ఆయన నాకంటే ముందే వచ్చి ఫోటో తీసి వాళ్లమ్మాయికి పంపుతున్నారు.